నూట పదహార్ల బాకీ

మా ఆయన గంగాధరప్ప అప్పు ఎగ్గొట్టే రకం అని ధర్మవరంలో ఎవరైనా అంటే నేను ఊరుకోను. లారీ కోసం శేషయ్య దగ్గర తీసుకున్న అప్పును మూడేళ్లలో, ఒక్క వాయిదా తప్పకుండా కట్టుకొచ్చాడు. కట్టకుండా వదిలింది నూట పదహారు రూపాయలు మాత్రమే. అది కూడా మరచిపోయి కాదు, లేక కాదు. కావాలనే వదిలాడు. ఆ నూట పదహార్లే మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టబోయాయి.

ఇది మా ఆయన కనిపెట్టిన తెలివి కూడా కాదు. మా ఊళ్లో లారీలున్న వాళ్లంతా చేసేదే. ఫైనాన్సు మీద బండి కొంటే ఆర్సీ పుస్తకంలో ఓనరు పేరు కింద అప్పిచ్చినవాడి పేరు ఎక్కుతుంది. ఈ బండి ఫలానా వారికి తాకట్టులో ఉంది అని అర్థం. అప్పు తీరాక ఆయన చేత కాగితం రాయించుకుని ఆర్టీవో ఆఫీసులో ఆ పేరు కొట్టేయించుకోవాలి. మా వాళ్లు కొట్టేయించరు. ఆ పేరు ఉన్నన్నాళ్లూ టైర్లవాడు గానీ, డీజిలు బంకువాడు గానీ బాకీ కింద బండి లాక్కుపోదామని చూస్తే, అయ్యా ఇది శేషయ్యది, ఆయన్ను అడుగు పో, అనొచ్చు. పైగా శేషయ్య చెయ్యి మంచిదని పేరు. ఆయన చేతి మీదుగా రోడ్డెక్కిన బండి అరిష్టం చూడదట. అయితే తీరిపోయిన అప్పుకు పేరు ఉంచుకోవడం అబద్ధం అవుతుంది కదా. అందుకని కడపటి వాయిదాలో నూట పదహార్లు తగ్గించి కట్టి, తాంబూలం పుచ్చుకుని వస్తారు. లెక్క తెగదు, పేరు పోదు, అబద్ధమూ ఉండదు. చదువుకోని వాళ్ల తెలివి ఇట్లాగే ఉంటుంది, అన్ని వైపులా చూసుకుని ఒక్క వైపు మరచిపోతుంది.

నేను ఆరోజే అడిగాను, ఆ నూట పదహార్లు కూడా ఆయన మొహాన పారేసి ఒక చీటీ తెచ్చుకోవచ్చు కదా అని. ఆడదానికి లారీల సంగతి ఏం తెలుసన్నాడు. నాకు లారీల సంగతి తెలియదు, నిజమే. ఆ లారీకి మొదటి విడత కట్టడానికి అమ్మింది మాత్రం మా నాయన నాకిచ్చిన మగ్గాలు, రెండూ. ఇంట్లో మగ్గాలు దిగిపోయాక వాటి గుంతలు పూడ్చి అలికింది నేనే. అందుకే ఆ లారీ అంటే నాకు ఉత్త ఇనుము కాదు, నా రెండు కాళ్లు.

ఎనభై అయిదులో వానలు మొహం చాటేశాయి. శనక్కాయ భూమిలోనే ఎండింది. పశువులకు గడ్డి లేక సర్కారు గడ్డి డిపోలు పెట్టింది. నంద్యాల కాలువల కింద నుంచి వరిగడ్డి తోలే బాడుగ దొరికి, మా ఆయన పండగ చేసుకున్నాడు. ఊరంతా ఏడుస్తుంటే మనం తింటున్నామే అని నాకు లోపల బెదురుగానే ఉండేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, రాప్తాడు దాటాక, వేలాడుతున్న కరెంటు తీగ గడ్డికి తగిలింది. వరిగడ్డికి అగ్గి అంటుకుంటే ఆర్పడానికి నీళ్లు యాడివి ఆ కరువులో? మా ఆయన, క్లీనరు దూకి బతికారు. బండిలో మిగిలింది చట్రమే. మిగతాదంతా, డబ్బాలో పెట్టిన ఆర్సీ పుస్తకంతో సహా బూడిదైంది.

మనిషి దక్కాడు, అదే పదివేలు అన్నారు అందరూ. నేనూ అన్నాను. అయితే మర్నాటి నుంచే, మనిషి దక్కాడు సరే, మనుషులు తినేదెట్లా అనే ఆలోచన నన్ను పట్టుకుంది. ఒక్క ఆశ ఇన్సూరెన్సు. అది ఏటేటా కట్టాడు మా ఆయన, ఆ బుద్ధి మాత్రం ఉంది. కంపెనీ తరఫున సర్వేయరు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు, పోలీసుల కాగితం తీసుకున్నాడు, బాగుచేయడానికి ఏమీ లేదు, బండి పూర్తిగా పోయినట్టే అని రాశాడు. కాలిన తుక్కు కంపెనీకి వదిలేస్తే అరవై ఒక్క వేలు ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో మళ్లీ మగ్గాలు పెట్టుకుందామని నేను, పాత లారీ ఇంకొకటి కొందామని ఆయన, చేతికి రాకముందే పోట్లాడుకున్నాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ మధ్యలోనే శేషయ్య మునిగాడు. శనక్కాయ పంట లేక ఆయన నూనె మిల్లు నిలిచిపోయింది, బ్యాంకు అప్పు మెడకు చుట్టుకుంది. మాఘమాసంలో ఒకరోజు తెల్లవారితే ఆయన ఫైనాన్సు ఆఫీసుకు తాళం. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర వడ్డీకి డబ్బు దాచుకున్నవాళ్లే. మా పక్కింటి తిప్పమ్మ కూడా. మొగుడు పోయిన మనిషి, ఇంటింటికీ పోయి మగ్గాలకు అచ్చులు అతికి, పోగు పోగు ముడివేసి కళ్లు పోగొట్టుకుని, నాలుగు వేలు కూడబెట్టింది. ఆ డబ్బు ఇంట్లో ఎందుకు పెట్టుకుంటావు, శేషయ్య దగ్గర పెట్టు, ధర్మాత్ముడు అని చెప్పింది నేను. శేషయ్య బెంగుళూరు పారిపోయాడని, అక్కడి నుంచే ఐపీ పెడతాడని, దివాలా పిటిషను పడితే ఇక రూపాయికి పైసా కూడా రాదని ఊరంతా చెప్పుకున్నారు. నలుగురు మగవాళ్లు బెంగుళూరు పోయి చిక్‌పేట గల్లీలన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. తిప్పమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఒక శుక్రవారం ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి కబురొచ్చింది. చెక్కు ఇస్తారనుకుని ఇద్దరం అనంతపురం పోయాం. నేను పెట్టెలో ఉన్న మంచి చీర కూడా కట్టుకున్నాను. అక్కడి ఆఫీసరు వీరభద్రయ్య కుదురైన మనిషి. కూర్చోమని, మా పాలసీ నకలు తీసి, దాని మీద అతికించి ఉన్న ఒక చీటీ మీద వేలు పెట్టాడు. ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు వరుసలు. ఏటేటా ఆ కాగితం మా ఇంటికి వచ్చేది, ఆ చీటీ ఏమిటని మేము ఏనాడూ అడగలేదు.

ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. బండి తాకట్టులో ఉందని పాలసీ రాసినప్పుడే చెప్పాం కాబట్టి శేషయ్య ఫైనాన్సు పేరు ఈ చీటీలోకి ఎక్కింది. బండికి దెబ్బ తగిలి బాగుచేసుకుంటే ఆ ఖర్చు మాకే ఇస్తారు. బండి మొత్తంగా పోతే మాత్రం, తాకట్టు నిలిచి ఉన్నంతవరకు, ఆ డబ్బు ముందు పోవలసింది చీటీలో పేరున్న వాళ్లకు. వాళ్లు ముట్టిందని సంతకం పెడితే కంపెనీ బాధ్యత తీరిపోయినట్టే. ఓనరు సంతకం పెట్టకపోయినా సరే.

"వాళ్లకు మేము బాకీ ఉండేది నూట పదహారే గదా సార్," అన్నాను.

"ఎంత బాకీ అనేది మేము చూడమమ్మా. మా చెక్కు వాళ్ల పేరుతో పోతుంది. వాళ్ల బాకీ వాళ్లు పట్టుకొని, మిగిలింది మీకియ్యాల. అది మీకూ వాళ్లకూ ఉండే లెక్క."

మిగిలింది ఇవ్వాల్సినవాడు తాళం వేసి పోయాడు కదా. ఆ తర్వాత ఆయన చెప్పింది ఇంకా ఘోరం. పది రోజుల కింద శేషయ్య ఫైనాన్సు నుంచి ఉత్తరం వచ్చిందట. ఫలానా బండి మాకు తాకట్టులో ఉంది, నష్టపరిహారం మా బ్యాంకు ఖాతాకు పంపండి అని. కింద శేషయ్య సంతకం, సీలు. పై ఆఫీసు ఒప్పుకుంది, సోమవారం చెక్కు రాస్తారు. ఆ ఖాతాలో ఏది పడితే అది బ్యాంకువాళ్లు తమ అప్పు కింద పట్టుకుంటారని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కంచే చేను మేసినట్టు, బండికి కాపలా పెట్టుకున్న పేరే బండిని మింగుతోంది. నేను వీరభద్రయ్యను చేతులెత్తి మొక్కాను. ఏదైనా దారి చెప్పమన్నాను. ఆయన డ్రాయరులోంచి ఒక వోచరు తీశాడు. దీని మీద శేషయ్య సంతకం, ఫైనాన్సు సీలు ఉండాలి. దాంతోపాటు ఒక ఉత్తరం, మా బాకీ పూర్తిగా ముట్టింది, ఈ బండి మీద మాకు ఇక ఏ హక్కూ లేదు, సొమ్ము గంగాధరప్పకే ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు, మునుపు రాసిన ఉత్తరం రద్దు అని. అవి తెస్తే చెక్కు మా ఆయన పేరుతో రాస్తారు. ఆర్సీలో పేరు కొట్టేసే సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఎటూ బండే లేదు.

"సోమవారం పదకొండు గంటలకు చెక్కు బుక్కు బయటికి తీస్తాను. అంతకు ముందు వచ్చిందనుకో, నేను చేస్తా. వెనక వస్తే నా చేతుల్లో ఉండదమ్మా," అన్నాడు.

శేషయ్య ఐపీ పెట్టాడా అని భయపడుతూ అడిగాను. ఇంకా కోర్టు నుంచి మాకేమీ రాలేదన్నాడు. వస్తే శేషయ్య సంతకం కూడా చెల్లదు, కోర్టు పెట్టిన అధికారి చేతిలోకి పోతుంది, అప్పుడు ఏళ్ల తరబడి తిరగాల్సిందే అని కూడా చెప్పాడు. అంటే సోమవారం అనేది కూడా గట్టి మాట కాదు. దింపుడు కళ్లం ఆశ అంటారు చూడండి, అది పట్టుకుని బస్సెక్కాం.

ఇంటికొచ్చి మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తినలేదు. నేను తిట్టాను. ఇన్నాళ్లూ మనసులో దాచుకున్నవన్నీ, మగ్గాల సంగతి కూడా, తిట్టాను. కడపటికి ఆయన, "నేను ఆ లారీలోనే ఉండిపోయింటే బాగుండు భద్రమ్మా," అన్నాడు. తిట్టడం ఆపి, దూలానికి ఉన్న తాడు విప్పి పక్కింటి అరుగు మీద పడేసి వచ్చాను. శేషయ్య ఎక్కడున్నా వెతకాలని నిశ్చయించుకున్నది అప్పుడే. లారీ పోతే పోయింది, ఈ మనిషిని కూడా పోగొట్టుకోలేను.

శేషయ్య భార్య సుశీలమ్మ నా చేతి చీరలంటే ప్రాణం పెట్టేది. ఆరేళ్ల కింద వాళ్ల చెల్లెలి పెళ్లికి చీర నేసింది నేనే. ముహూర్తం మీద పడుతోందని, మగ్గం మీది నుంచి తీసిన మడతను నేనే చంకన పెట్టుకుని వాళ్ల పుట్టింటికి తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్ల పుట్టిల్లు తాడిపత్రి అవతల, యాడికి అనే ఊళ్లో. బెంగుళూరులో వెతికిన మగవాళ్లకు ఆ ఇంటి సంగతి తెలియదు, వాళ్లు ఆడవాళ్లను అడగరు కదా. కోటి రూపాయల వ్యాపారం మునిగినా ఆడది పరిగెత్తేది పుట్టింటికే. శేషయ్యను సుశీలమ్మ లాక్కుపోయి ఉంటుందని నాకు గట్టిగా తోచింది.

ఇంట్లో బస్సు ఛార్జీలకే లేదు, నూట పదహార్లు ఎక్కడివి? తిప్పమ్మ దగ్గరికి పోయాను. ఇన్సూరెన్సు పని మీద అనంతపురం పోవాలి, దుడ్లు కావాలి అన్నాను. అంతే చెప్పాను. ఆమె అచ్చు కూలి కింద ఆ వారం వచ్చిన డబ్బంతా, నూట నలభై, లెక్క చూడకుండా కొంగులోంచి తీసి ఇచ్చింది. "పోయిరా. నీ పాపను నేను చూసుకుంటా. నీ దుడ్లన్నా దక్కనీ," అంది. ఎందుకు నిజం చెప్పలేదంటే, చెబితే ఆమె కూడా వస్తానంటుంది. ఆమె వస్తే వీధంతా వస్తుంది. వీధంతా వస్తే శేషయ్య గొళ్లెం తీయడు. అప్పటికి నేను చేసింది పాపమని నాకు అనిపించలేదు.

శనివారం అనంతపురంలో బస్సు మారి, తాడిపత్రిలో ఇంకోటి మారి, యాడికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా చేలల్లో ఒక్క పచ్చని పరక లేదు. ఆ ఇల్లు గుర్తుపట్టి తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. మళ్లీ కొట్టి, అక్కా, నేను చీర తెచ్చిన భద్రమ్మను, ఒక్కదాన్నే వచ్చినాను, అన్నాను. చాలాసేపటికి సుశీలమ్మ తలుపు సందులోంచి చూసి, నా వెనక వీధి రెండు వైపులా చూసి, నన్ను లోపలికి లాగి గొళ్లెం పెట్టింది.

శేషయ్య వెనక గదిలో చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆఫీసులో మెత్త మీద కూర్చుని, అందరికీ వేళ్లతో లెక్కలు చెప్పిన మనిషి. గడ్డం పెరిగి, చొక్కా లేకుండా, చిన్నవాడైపోయాడు. నాకు జాలి వేయలేదు. నిజం చెబుతున్నాను, ఒక్క పిసరు కూడా వేయలేదు. కొంగుముడి విప్పి, నూట పదహారు రూపాయలు ఆయన ముందు చాప మీద పెట్టాను.

"మా బాకీ ఇది అన్నా. లెక్క తీరిపాయ. మాకు కాగితం రాసియ్యి."

ఆయన డబ్బు వైపు చూడలేదు. ఆ ఉత్తరం తానే రాశానని ఒప్పుకున్నాడు. ప్లీడరు రాయమన్నాడట. ఎవరి బండ్ల మీద తన పేరు ఉందో, ఏది కాలిందో, ఏది బోల్తా పడిందో, అన్నీ ఏరి రాశాడట. ఇప్పుడు ఈ కాగితం రాసిస్తే, ఉన్న ఆస్తిని తనవాళ్లకు పంచాడని కోర్టులో అడుగుతారని, ప్లీడరు ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దన్నాడని చెప్పాడు.

"అది నీ ఆస్తి యట్లవుతుందన్నా? నీది నేనీడ పెట్టిన నూట పదహార్లు, అంతే," అన్నాను.

"బ్యాంకోడు నన్ను జైల్లో యేపిస్తాడమ్మా. ఆ అరవై వేలు ఖాతాలో పడితే రెండు నెలలు ఊపిరి తీసుకుంటా. మీకు యెనక ఇచ్చేస్తా. నీ మీద ఒట్టు."

"నువ్వు మాకిచ్చేది లేదు, మేము తీసుకునేది లేదు. మా ఆయప్ప గోడ పక్క తిరుక్కోని చస్తానంటాండాడు. నువ్వు ఊపిరి తీసుకునేది ఆయప్ప ఊపిరి."

ఇది అన్నాక నాకు ఏడుపు వచ్చింది. ఆ గదిలో ఏడవకూడదని ఇల్లు కదిలినప్పుడే అనుకున్నాను. ఆపుకోలేకపోయాను. కాళ్ల మీద కూడా పడ్డాను. ఎవరి కాళ్ల మీదా పడని మనిషిని, పట్టు షావుకార్లతో కూలి కోసం నోరు చేసుకునే మనిషిని, ఆ చాప అంచు పట్టుకుని బొక్కబోర్లా పడ్డాను.

లేవదీసింది సుశీలమ్మ. ఆమె మొగుడితో ఎక్కువ మాట్లాడలేదు. గోడకు తగిలించిన సంచి తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. అందులో ఫైనాన్సు సీలు, సిరా దిమ్మ, పేరు అచ్చు వేసిన కాగితాలు ఉన్నాయి. మార్చుకునే పంచె లేకుండా పారిపోయిన మనిషి సీలు మాత్రం మరవలేదు. "బాకీ లేనోళ్ల దుడ్లు మనకొద్దు. రాయి," అంది. ఆయన ఆమె మొహం చూశాడు. కలం తీశాడు.

రాస్తున్నప్పుడు నేను ఒక్కో మాట వీరభద్రయ్య చెప్పినట్టే పలికాను. బాకీ ముట్టింది. హక్కు లేదు. అభ్యంతరం లేదు. మునుపటి ఉత్తరం రద్దు. వోచరు మీద సంతకం, సీలు. సీలు మసకగా పడితే మళ్లీ వేయించాను. కాగితాలు మడిచి రవికలో పెట్టుకుని లేచాను. అప్పుడు సుశీలమ్మ నా మణికట్టు పట్టుకుంది. మెత్తని చెయ్యి, పట్టు మాత్రం ఇనుము.

"నీకు చేసినాము భద్రమ్మా. మా సంగతి నువ్వు యాడా చెప్పగూడదు. నీ బిడ్డ మీద ప్రమాణం చెయ్యి."

చేశాను. ఆ క్షణంలో ఏమడిగినా చేసేదాన్ని.

సోమవారం తొమ్మిదిన్నరకే అనంతపురం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం, నేను, మా ఆయన. వీరభద్రయ్య కాగితాలు రెండుసార్లు చదివాడు, పాత ఉత్తరంలో సంతకంతో కలిపి చూశాడు, ఫైలులో పెట్టి తలూపాడు. మధ్యాహ్నానికి చెక్కు మా ఆయన పేరుతో వచ్చింది. ఆయన ఆ చెక్కును చూసి, బస్టాండులో అందరి మధ్య చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు అప్పటికే వేరే బరువు మొదలైంది.

ఎందుకంటే అంతకు ముందు, శనివారం పొద్దు వాలేవేళకు నేను యాడికి నుంచి వచ్చేసరికి, తిప్పమ్మ మా గుమ్మంలో కూర్చుని పాపకు సంగటి తినిపిస్తోంది. నా మొహం చూసి పని అయిందని తెలుసుకుంది. సంతోషపడింది, నిజంగానే పడింది. చేయి కడుక్కుని దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"అనంతపురంలో శేషయ్య సంగతి ఏమన్నా తెలిసిందా భద్రమ్మా? యాడుండాడో ఎవరన్నా చెప్పినారా?"

కాగితం నా రవికలో ఉంది. కదిలితే చప్పుడు అవుతుందేమో అని ఊపిరి బిగబట్టి, "ఎవరికీ తెలీదంటక్కా," అన్నాను.

పదిరోజులకు శేషయ్య ఐపీ పెట్టాడు. యాడికి ఇంటి సంగతి ఎవరికో తెలిసి జనం పోయేసరికి అక్కడ తాళం. అప్పులవాళ్ల జాబితాలో తిప్పమ్మది నూటముప్పయ్యో పేరో ఏమో. కోర్టు నుంచి ఆమెకు వచ్చింది ఒక నోటీసు, అది కూడా నేనే చదివి చెప్పాను. ఆ శనివారం నేను నిజం చెప్పి ఉంటే ఆమెకు నాలుగు వేలు వచ్చేవా? రాకపోవచ్చు. సుశీలమ్మ మెడలో గొలుసు ఉంది, చేతులకు గాజులు ఉన్నాయి, నేను చూశాను. ముందు పోయి గుమ్మంలో కూర్చున్నవాళ్లకు ఏదో ఒకటి దక్కేది.

మాకొచ్చిన డబ్బులోంచి ఆ నాలుగు వేలు నువ్వే ఇవ్వొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నన్ను నేను అంతకంటే గట్టిగా అడిగాను. ఆమె ఇచ్చిన నూట నలభై చెక్కు మారగానే ఇచ్చేశాను. నాలుగు వేలు ఇవ్వలేదు. ఇస్తే ఎందుకిస్తున్నావని అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

ఇప్పుడు మా ఇంట్లో మళ్లీ రెండు మగ్గాలు ఆడుతున్నాయి. అచ్చులు అతకడానికి తిప్పమ్మే వస్తుంది. కళ్లు ఇంకా మసకబారాయి, పోగు తెగినప్పుడల్లా ఆమె శేషయ్యను, వాడి వంశాన్ని తిడుతుంది. నేను కూడా ఆమెతో కలిసి తిడతాను.